కువైట్ హౌస్ డ్రైవర్ పనికి వెళ్లేవాడు పుస్తకాల అరబ్బీ నేర్చుకోవాలా, మాట్లాడే అరబ్బీ నేర్చుకోవాలా?

అడిగినది: "అన్నా, మాది పర్లాకిమిడి దగ్గర. లైసెన్సు ఉంది, హిందీ, ఒడియా వచ్చు. కువైట్‌లో ఒకరి ఇంట్లో డ్రైవర్ పని కుదిరింది, మూడు నెలల్లో ప్రయాణం. ఒక యాప్‌లో అరబ్బీ మొదలుపెట్టాను. అది ఫుస్‌హా అనే పుస్తకాల అరబ్బీ అట, అక్కడ ఎవరూ అలా మాట్లాడరని మా బావ అంటున్నాడు. ఇదే కొనసాగించనా, మానేసి మాట్లాడే భాష నేర్చుకోనా? రెండూ నేర్చుకునే టైము లేదు."

సమాధానం:

తమ్ముడూ, నోటికీ చెవికీ కువైటీ నేర్చుకో. ఫుస్‌హా కళ్లకి మాత్రం చాలు, అంటే అక్షరాలు, అంకెలు, కాగితాల మీద కనిపించే ఒక పాతిక మాటలు. మీ బావ చెప్పింది ముప్పాతిక వంతు నిజం. మిగిలిన పావు వంతు దగ్గరే మనవాళ్లు దెబ్బ తింటారు, దాని గురించీ చెప్తాను.

నేను 2004లో బరంపురం నుంచి వెళ్లాను. ఇంట్లో డ్రైవర్‌గా ఆరేళ్లు, తర్వాత కంపెనీలో అయిదేళ్లు చేశాను. వెళ్లే ముందు రెండు నెలలు ఒక పాత పుస్తకం పట్టుకుని బట్టీ పట్టాను, అదీ ఫుస్‌హాయే. పని మొదలైన రెండో రోజు మేడమ్ వెనక సీట్లో కూర్చుని "బత్తిల్ ఇద్దిరీషా" అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆపమంటోందేమో అనుకుని బండి పక్కకు తీసి ఆపేశాను. ఆవిడ చెప్పింది కిటికీ తెరవమని. పుస్తకంలో కిటికీ అంటే "నాఫిదా", తెరువు అంటే "ఇఫ్తహ్". వాక్యంలో నేను నేర్చుకున్న మాట ఒక్కటీ లేదు. సరే, నేనైనా మాట్లాడదామని "ఉరీదు అన్ అద్‌హబ" అంటూ మొదలుపెడితే పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎందుకో తర్వాత తెలిసింది. అక్కడ పిల్లల కార్టూన్లు ఫుస్‌హాలో డబ్బింగ్ చేస్తారు. వాళ్ల చెవికి నేను కార్టూన్‌లో రాజుగారిలా ఉన్నాను.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. మీ పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది దీని మీదే కదా. నోట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు ఎందుకని. తెలుగులో ఆయన పక్షం గెలిచింది కాబట్టి ఇవాళ నువ్వూ నేనూ ఇలా రాసుకుంటున్నాం. అరబ్బీలో ఆ మార్పు రాలేదు. వార్తలు, కోర్టు, ఒప్పందం, బ్యాంకు కాగితం, మసీదులో ప్రసంగం అన్నీ ఫుస్‌హాలోనే నడుస్తాయి. ఇంట్లో, కారులో, బజారులో ఎవరి దేశపు మాట వాళ్లది. పుస్తకంలో "ఏమిటి" అని ఉన్నా మన వైపు "ఏటి" అంటాం చూడు, అక్కడ పుస్తకంలో "మాదా", కువైట్ నోట్లో "షిను". కాకపోతే మన తేడా జానెడు, వాళ్ల తేడా బారెడు. కావాలి అన్న మాట, లేదు అన్న మాట, ఇప్పుడు అన్న మాట, రేపు అన్న మాట, ఇలా రోజూ నోట్లో ఆడేవే వేరుగా ఉంటాయి. పుస్తకంలో "ఉరీదు" (నాకు కావాలి) అక్కడ "అబీ". "అల్-ఆన" (ఇప్పుడు) అక్కడ "అల్హీన్". "గదన్" (రేపు) అక్కడ "బాచిర్". "ఇంతజిర్" (ఆగు, వేచి ఉండు) అక్కడ "ఇంతిర్". ఉంది, లేదు అన్నవి కువైట్‌లో "అకు", "మాకు".

నువ్వు యాప్‌లో నేర్చుకున్నది మాత్రం వృథా కాలేదు. మూడు శబ్దాల మార్పు తెలిస్తే అందులో చాలా మాటలు కువైటీ అయిపోతాయి. గొంతు లోపలి నుంచి పలికే "ఖాఫ్" అనే అక్షరం అక్కడ చాలా మాటల్లో మన "గ" అవుతుంది. కాఫీని పుస్తకంలో "కహ్వా" అంటారు, అక్కడ "గహ్వా". నిమిషాలు "దకాయిక్", అక్కడ "దిగాయిగ్". రెండోది, "జ" చాలాసార్లు "య" అవుతుంది. కోడి "దజాజ్", అక్కడ "దియాయ్". తీసుకురా అన్న మాట "జీబ్", అక్కడ "యీబ్". మూడోది, కొన్ని మాటల్లో "క" మన "చ" అవుతుంది. కుక్క "కల్బ్", అక్కడ "చల్బ్". ఇది మన నాలుకకు పెద్ద మేలు. పుస్తకంలో గుండె "ఖల్బ్", కుక్క "కల్బ్", ఈ రెండు శబ్దాల తేడా మన గొంతుకి చచ్చినా రాదు. గుండె అనబోయి కుక్క అనేస్తాం. కువైట్‌లో గుండె "గల్బ్", కుక్క "చల్బ్". గ, చ మనకు పుట్టుకతో వచ్చినవే, గొడవే లేదు. అన్ని మాటలూ ఇలా మారవు. ఆఫీసు వాసన ఉన్న మాటలు అలాగే ఉండిపోతాయి. ప్రతి పేటలోనూ ఒక సహకార సూపర్‌మార్కెట్ ఉంటుంది, దాన్ని "జమ్‌ఇయా" అంటారు, "యమ్‌ఇయా" అనరు.

ఇంకో సుఖం ఏమిటంటే 1961లో దీనార్ వచ్చే వరకు కువైట్‌లో చలామణి అయింది మన రూపాయే. బొంబాయితో వ్యాపారం అంతకు ముందు నుంచీ ఉంది. అందుకని నీ హిందీ అక్కడక్కడా ఎదురొస్తుంది. నేరుగా పో అనడానికి "సీదా", బూట్లకి "జూతీ", చెత్తకి "కచరా" అంటారు. డ్రైవర్‌ని "ద్రేవల్" అంటారు, ఇది ఇంగ్లీషు నుంచి వెళ్లింది. మేడమ్ ఫోన్‌లో "ఇద్‌ద్రేవల్" అంటే నీ గురించే మాట్లాడుతోందన్నమాట. పంక్చర్ "బంచర్", రివర్స్ "రేవస్". ఈ మాటలు పుస్తకంలో వెతకకు, దొరకవు.

ఇప్పుడు మీ బావ చెప్పని పావు వంతు. మాట్లాడే భాష నేర్చుకో అని మనవాళ్లు అన్నప్పుడు చాలామంది మనసులో ఉండేది కువైటీ కాదు. క్యాంపుల్లో మలయాళీలు, బెంగాలీలు, నేపాలీలు, మనవాళ్లు, అరబ్బులు కలిసి ఏళ్ల తరబడి అతుకులేసుకున్న కచ్చా అరబ్బీ. అందులో క్రియకు ఒకటే రూపం. నిన్నకీ రేపటికీ తేడా లేదు, ఆడకీ మగకీ తేడా లేదు. ఉందంటే "ఫీ", లేదంటే "మాఫీ", తెలియదంటే "మాఫీ మాలూమ్", చేయడమంతా "సవ్వీ". "అనా రూహ్" అంటే నేను వెళ్తాను, వెళ్తున్నాను, వెళ్లాను, ఏదైనా కావచ్చు. నెల రోజుల్లో పట్టుబడుతుంది, పని జరుగుతుంది, కువైటీలు కూడా మనతో అదే మాట్లాడేస్తారు. అందుకే వదలదు. పద్నాలుగేళ్లు అక్కడ ఉండి వచ్చి ఇప్పటికీ "అనా రూహ్" దగ్గరే ఉన్నవాళ్లు ఇచ్ఛాపురంలో, సోంపేటలో ఎంతమందో. వాళ్లను తక్కువ చేయడం లేదు, కంపెనీ పనికి అది చాలు. ఇంటి డ్రైవర్‌కి చాలదు. ఎందుకో ఒక్క ఉదాహరణ చెప్తాను, ఇది నాకు జరిగిందే.

సాల్మియా దగ్గర సిగ్నల్ ఎర్రగా ఉంది. నేను ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక బండి వచ్చి గుద్దింది. పోలీసు వచ్చాడు. రెండేళ్ల క్యాంపు అరబ్బీతో నేను చెప్పింది "అనా వాగిఫ్, హువా యీజీ". నా లెక్కలో "నేను ఆగి ఉన్నాను, అతను వచ్చి గుద్దాడు" అని. పోలీసు చెవికి పడింది "నేను ఆగుతా, అతను వస్తాడు" లాంటిది. ముందే ఆగి ఉన్నానా, సడన్‌గా బ్రేకు వేశానా అన్నది అందులో లేదు. వెనకవాడు సిరియా మనిషి, గడగడా అరబ్బీ మాట్లాడుతూ వీడు ఉన్నట్టుండి ఆపాడని చెప్పాడు. మా కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫోన్‌లో వచ్చి నన్నడిగి సర్దేదాకా తప్పు సగం నా మీదకే వచ్చేలా ఉంది.

ఆ రోజు నాకు కావలసింది ఒక్క మాట. "కింత్". అంటే "నేను ఉండేవాణ్ణి, ఉన్నాను" అని జరిగిపోయిన కాలానికి చెప్పడం. "కింత్ వాగిఫ్ ఇంద్ ఇల్-ఇషారా, వ హు దఅమ్ని మిన్ వరా." సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను, అతను వెనక నుంచి గుద్దాడు. "వగఫ్త్" అంటే "ఆపాను". "కింత్ వాగిఫ్" అంటే "అప్పటికే ఆగి ఉన్నాను". తప్పెవరిదో ఈ రెండింటి మధ్యే తేలిపోతుంది. క్యాంపు అరబ్బీలో రెండూ "అనా వాగిఫ్" అయిపోతాయి. అదే మాటను పోలీసు కాగితం మీద రాసేటప్పుడు కువైటీలో రాయడు, ఫుస్‌హాలో "కుంతు వాకిఫన్" అని రాస్తాడు. ఒకే సంగతి క్యాంపులో ఒకలా, ఇంట్లో ఒకలా, కాగితంలో ఒకలా ఉంటుందన్నమాట. నువ్వు నోటితో చెప్పాల్సింది మధ్యది. కాగితంలో ఉన్నది నువ్వు చదవలేకపోతే సంతకం పెట్టే ముందు "అబీ ముతర్జిమ్" (అనువాదకుడు కావాలి) అను. ఆ రెండు మాటలు ఈ రాత్రే నేర్చుకో.

అందుకని ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావో ముందు పరీక్ష పెట్టు. ఊళ్లో కువైట్ నుంచి వచ్చినవాళ్లను పట్టుకుని "నేను నిన్న వెళ్లాను అనేది ఎలా అంటారు?" అని అడుగు. "అనా రూహ్ అమ్స్" అన్నారా, టీ తాగి నమస్కారం పెట్టి వచ్చేయి. "రిహ్త్ అమ్స్" అన్నారా, ఆయన్ని వదలకు. సాధారణంగా ఇలా చెప్పగలిగేది ఇంట్లో పనిచేసిన ఆడవాళ్లు. పిల్లలను పెంచుతూ ఆ ఇంటి భాష నిజంగా నేర్చుకున్నవాళ్లు వాళ్లే. మన వైపు నుంచి వెళ్లినవాళ్లు తక్కువైనా కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఉన్నారు. ఎవరైనా అత్తో పిన్నో తెలిసినవారుంటే ఫోన్‌లో వారానికి రెండు గంటలు అడుక్కో. ఏ యాప్ కన్నా అది మేలు.

ఇక ఏం నేర్చుకోవాలి. యాప్ నీకు "నేను విద్యార్థిని, ఇది కలం" అని నేర్పుతుంది. నీ రోజు అలా ఉండదు. నీ చెవికి వచ్చేవన్నీ ఆజ్ఞలు. నీ నోటి నుంచి వెళ్లేవన్నీ "నేను" తో మొదలయ్యేవి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నీ పని సగం తగ్గిపోతుంది. క్రియ పట్టిక మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. ప్రతి క్రియకూ మూడు రూపాలు చాలు, వినడానికి ఆజ్ఞ, చెప్పడానికి "నేను చేస్తాను, నేను చేశాను". "రూహ్" వింటావు, "బరూహ్" (వెళ్తాను), "రిహ్త్" (వెళ్లాను) అంటావు. "యీబ్" వింటావు, "బయీబ్", "యిబ్త్" అంటావు. ఇలాంటివి నలభై క్రియలు. వెళ్లు, రా, తీసుకురా, పెట్టు, తెరువు, మూయి, ఆపు, ఆగు, తిరుగు, వెనక్కి రా, కడుగు, నింపు, పిలువు, దించు ఇలాంటివి. రోజుకు రెండు చొప్పున ఇరవై రోజులు.

నాకు మేడమ్ నుంచి వచ్చే ఫోన్ ఇలా ఉండేది. చదివి చూడు.

"వేనక్? ముర్ర్ అలా ఇల్-జమ్‌ఇయా, యీబ్ కర్తూన్ మాయ్, బఅదేన్ యీబ్ ఇల్-యహ్హాల్ మిన్ ఇల్-మద్రిసా. లా తితఅఖ్ఖర్."

ఎక్కడున్నావ్, జమ్‌ఇయా మీదుగా పో, నీళ్ల కార్టన్ తీసుకురా, తర్వాత పిల్లల్ని బడి నుంచి తీసుకురా, ఆలస్యం చేయకు. ఇందులో "యహ్హాల్" చూడు. ఫుస్‌హా నిఘంటువులో దాని మూలం "జుహ్హాల్", అంటే అజ్ఞానులు. గల్ఫ్‌లో అది పిల్లలు. నిఘంటువు పట్టుకుని కూర్చుంటే మేడమ్ బడి నుంచి మూర్ఖుల్ని తెమ్మంటోందనుకుంటావు. జవాబు: "ఇన్‌షాల్లా, యాయ్ అల్హీన్, ఖమ్స్ దిగాయిగ్." వస్తున్నాను ఇప్పుడే, అయిదు నిమిషాలు. సరిగ్గా వినపడకపోతే ఊరికే "ఇన్‌షాల్లా" అనేయకు. మనవాళ్లందరూ చేసే తప్పు అది, తర్వాత తిట్లు డబుల్. "మా ఫహమ్త్" (అర్థం కాలేదు) అను, ఎవరూ కోప్పడరు.

మేడమ్‌తో మాట్లాడేటప్పుడు ఆడవాళ్లకు వేరే రూపం ఉందని గుర్తుంచుకో. సారును "ష్లోనక్?" (ఎలా ఉన్నారు) అంటే మేడమ్‌ని "ష్లోనిచ్?" అనాలి. "మీకు ఇంకేమైనా కావాలా" అని సారును "తబీ షే థానీ?", మేడమ్‌ని "తబీన్ షే థానీ?". మగ రూపంతో మాట్లాడితే కొంపలేం మునగవు, క్యాంపు అరబ్బీవాళ్లు పాతికేళ్లుగా అదే చేస్తున్నారు. కానీ మొదటి వారంలోనే నువ్వు "తబీన్" అంటే ఆ ఇంట్లో నీ మీద చూపు మారుతుంది. నేను కళ్లారా చూసింది చెప్తున్నాను.

పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో అరబ్బీ కొడతారు. `el7een` అని వస్తే అది "అల్హీన్". 7 అంటే గట్టి "హ", 3 అంటే గొంతు బిగించి పలికే "అయిన్", 5 అంటే "ఖ". అంతే, ఇక ఇది చాలు.

ఇప్పుడు కళ్ల సంగతి. ఫుస్‌హా నీకు అవసరమయ్యేది ఇక్కడే, ఇక్కడ అది తప్పనిసరి. అక్షరాలు ఇరవై ఎనిమిది. రోజుకు అరగంట కూర్చుంటే మూడు వారాల్లో తడుముకుంటూ చదవగలవు. ఉర్దూ తెలిసిన మనిషి మీ ఊళ్లో ఉంటే ఇంకా తొందరగా వస్తుంది, ఆ అక్షరాలన్నీ ఉర్దూలో ఉన్నవే.

అక్షరాల కన్నా ముందు అంకెలు. అక్కడ అంకెలు మనం ఇంగ్లీషులో రాసేవి కావు. సున్నా ఒక చుక్క. అయిదు గుండ్రంగా మన సున్నాలా ఉంటుంది. ఆరు మన ఏడులా ఉంటుంది. ఏడు ఇంగ్లీషు వీ అక్షరం, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టు. దీనివల్ల ఏమవుతుందో చూడు. గోడ మీద 65 అని రాసి ఉంటే కొత్తవాడి కంటికి అది 70. నేను రెండు సార్లు వేరేవాళ్ల గేటు ముందు హారన్ కొట్టాను. అక్షరాలు కుడి నుంచి ఎడమకి పోతాయి కానీ అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికే. కువైట్‌లో చిరునామా ఎప్పుడూ ఒకే వరసలో ఉంటుంది. ముందు పేట పేరు, తర్వాత "కిత్‌ఆ" (బ్లాకు, నోటితో "గిత్‌ఆ" అంటారు), తర్వాత "షారిఅ" (వీధి), కొన్నిచోట్ల "జాద్దా" (సందు), చివర "మన్జిల్" (ఇల్లు). ఈ నాలుగు మాటలు, పది అంకెలు చదవడం వస్తే నువ్వు ఆ ఊళ్లో ఎక్కడికైనా వెళ్లగలవు.

చెవితో అంకెలు వినేటప్పుడు ఒక చిక్కుంది. 65ని "ఖమ్సా వ సిత్తీన్" అంటారు, అయిదూ అరవై. తెలుగు మెదడు అరవై అయిదు అని పదులు ముందు వింటుంది కాబట్టి తడబడి 56 అని రాసుకుంటుంది. నీకు ఒడియా, హిందీ వచ్చు కదా, అక్కడ పైఁసఠ్‌లోనూ అయిదే ముందొస్తుంది. అలా విను, తెలుగులో అనువదించుకోకు. ఈ విషయంలో ఒడిశా వైపు పుట్టడం నీ అదృష్టం.

కాగితాల్లో ముందు చూడాల్సింది "అల్-మిహ్నా" అన్న మాట. వృత్తి అని అర్థం. వీసా మీద దాని ఎదురుగా ఏముందో అదే నీ పని. ఇంగ్లీషులోనో హిందీలోనో ఏజెంటు నోటితో చెప్పింది కాదు. నీకు ఉండాల్సింది "సాయిక్ మన్జిలీ", ఇంటి డ్రైవర్. నాతో విమానంలో వచ్చిన ఒకతనికి డ్రైవర్ అని చెప్పి డబ్బు తీసుకున్నారు. కాగితంలో "రాఈ" అని ఉంది. గొర్రెల కాపరి. ఎడారిలో ఏడాదిన్నర ఉన్నాడు. తమాషా ఏమిటంటే ఆ కాగితం ఎవరో మనవాడికి చూపిస్తే, కువైట్‌లో పనిచేసి వచ్చినవాడే, "రాఈ అంటే ఓనరులే, రాఈ ఇస్సయ్యారా అంటారు కదా, బండి ఓనరు, డ్రైవింగ్ పనే" అని ధైర్యం చెప్పాడట. గల్ఫ్ నోటి భాషలో నిజంగానే రాఈ అంటే ఫలానాది కలవాడు. కాగితం భాషలో మాత్రం కాపరి. ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసింది నోటి అరబ్బీ ఒక్కటే. మీ బావ మాట పూర్తిగా పట్టుకోవద్దన్నది ఇందుకే.

రెండోది "అల్-మాద్దా" అన్న మాట, దాని పక్కన అంకె. 20 ఉంటే ఇంటి పని వీసా, 18 ఉంటే ప్రైవేటు కంపెనీ వీసా. నీది 20 కావాలి. రెండింటికీ చట్టాలు వేరు. 18 వాళ్లకు 2010 కార్మిక చట్టం, 20 వాళ్లకు 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం. దాని ప్రకారం రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. అమలు ఇంటిని బట్టి ఉంటుందనుకో. మూడోది "రాతిబ్", జీతం, దాని పక్కన దీనార్ల అంకె. ఒప్పందానికి ఇంగ్లీషు ప్రతి నీ చేతికిచ్చినా సరే, అరబ్బీ ప్రతిలో ఆ అంకె నువ్వే నీ కళ్లతో చదువు. ఇందాక చెప్పిన చుక్క, గుండ్రం గుర్తున్నాయి కదా. చుక్క ఒకటి తగ్గితే జీతం పదో వంతు.

మూడు నెలలు ఎలా పంచుకోవాలంటే, మొదటి మూడు వారాలు పొద్దున అరగంట అక్షరాలు, అంకెలు. అదే సమయంలో సాయంత్రం కువైటీ సీరియళ్లు పెట్టుకో. రంజాన్ నెలకి తీసినవి యూట్యూబ్‌లో బోలెడున్నాయి. కథ అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చెవికి ఆ పాట అలవాటు కావాలి. ఈజిప్టు సినిమాలు మాత్రం చూడకు. అవి బాగుంటాయి, అందుకే ప్రమాదం. అక్కడ "గహ్వా"ని "అహ్వా" అంటారు, "అల్హీన్"ని "దిల్‌వఅతి" అంటారు, అన్నీ కలగాపులగం అయిపోతాయి. అక్కడికి వెళ్లాక మెకానిక్కో బిల్డింగ్ కాపలాదారో ఈజిప్టువాడే ఎదురవుతాడు, అప్పుడు వాడి దగ్గరే నేర్చుకోవచ్చు. నాలుగో వారం నుంచి క్రియలు, రోజుకు రెండు. ఎనిమిదో వారం నుంచి అత్తో పిన్నో దొరికితే ఫోన్‌లో మాటలు, ఆవిడ మేడమ్, నువ్వు ద్రేవల్. చివరి రెండు వారాలు కొత్తవి ఏమీ నేర్చుకోకు. "కింత్", "మా ఫహమ్త్", "అబీ ముతర్జిమ్" నిద్రలో లేపి అడిగినా వచ్చేలా చేసుకో.

యాప్‌ను డిలీట్ చేయనక్కర్లేదు. అక్షరాల పాఠాలు ఉంచుకో, మాట్లాడే పాఠాలు వదిలేయి.

ఒకవేళ వీసా కువైట్ నుంచి సౌదీకి మారితే కంగారు పడకు. శబ్దాల మార్పుల్లో "గ" అక్కడా ఉంటుంది, "య", "చ" చాలాచోట్ల ఉండవు. "షిను" బదులు "వేష్" లేదా "ఏష్", "అకు, మాకు" బదులు "ఫీ, మా ఫీ", "అబీ" బదులు "అబ్గా". మిగతాదంతా దాదాపు పనికొస్తుంది. దుబాయ్ అయితే "షిను" బదులు "షూ".

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. వెల్డర్, రిగ్గర్, పైపు ఫిట్టర్‌గా కంపెనీ క్యాంపుకి వెళ్లేవాళ్లు ఇంత కష్టపడక్కర్లేదు. అక్కడ నడిచేది హిందీ, అంతో ఇంతో ఇంగ్లీషు. అరబ్బీ అంకెలు, కాగితంలో "అల్-మిహ్నా" చదవడం వస్తే చాలు. టైపింగ్ సెంటర్‌లోనో ఆఫీసులోనో కాగితాల పనికి వెళ్లేవాళ్లకు మాత్రం నేను చెప్పింది తలకిందులు, వాళ్లు ఫుస్‌హాయే ముందు నేర్చుకోవాలి. చిన్నప్పటి నుంచి ఖురాన్ చదివిన ముస్లిం తమ్ముళ్లకు చదవడం ఇప్పటికే వచ్చి ఉంటుంది, వాళ్లు మూడు వారాల మెట్టు దాటేసి నేరుగా క్రియల దగ్గర మొదలుపెట్టొచ్చు.

వీసా కాగితం రాగానే ఫొటో పెట్టకు, అందులో నీ వివరాలన్నీ ఉంటాయి. "అల్-మిహ్నా" ఎదురుగా ఉన్న మాట, "అల్-మాద్దా" పక్కనున్న అంకె నువ్వే చదివి తెలుగులో ఇక్కడ రాయి. సరిగ్గా చదివావో లేదో నేను చెప్తాను.